బుడ్డల పొడి మిగిలిపోతే నష్టం ఎవరిది?

అనంతపురంలో ఇంట్లో పొడులు, నిప్పట్లు, ఊరగాయలు చేసే ఆడవాళ్లకీ, వాటిని కమిషన్ మీద అమ్మిపెట్టే షాపువాళ్లకీ మధ్య మాట తేడా వచ్చిందంటే అది ఎక్కువగా మూడింటిలో ఒకదాని దగ్గర మొదలవుతుంది. "ఇరవై ఐదు శాతం అని ముందే అనుకున్నాం కదమ్మా." "ఇవి ఇంక పోవు, తీస్కపో." "కస్టమరు వెనక్కి తెచ్చిచ్చినాడు, నేనేం చేయాల?" ఇవి మూడు వేర్వేరు గొడవల్లా కనిపిస్తాయి కానీ, వీటి వెనక ఉన్న ప్రశ్న ఒక్కటే. షాపు అరలో ఉన్న ఆ పొట్లం ఇప్పుడు ఎవరి సొత్తు?

షాపాయన డబ్బులిచ్చి కొనేసుంటే పొట్లం ఆయనది. పోయినా పోకపోయినా, ఎలుక కొట్టినా, గడువు తీరినా ఆయనే భరించాలి. అమ్మిపెట్టమని ఆయన దగ్గర పెట్టి ఉంటే మాత్రం, కస్టమరు చేతికి వెళ్లేదాకా అది చేసినామెదే. ఆయన దాన్ని జాగ్రత్తగా చూసుకోవాలి, అమ్మితే తన కమిషన్ మినహాయించుకుని మిగతాది ఇవ్వాలి. మన ఊళ్లలో నడిచేది ఈ రెండూ కాదు. లాభం లెక్క వేసేటప్పుడు షాపాయన కొన్నవాడిలా మాట్లాడతాడు, సరుకు మిగిలినప్పుడు అప్పగించుకున్నవాడిలా మాట్లాడతాడు. ఆయనేదో మోసం చేస్తున్నాడని కాదు. ఏది ఎప్పుడు వర్తిస్తుందో ఇద్దరూ ఎక్కడా రాసుకోలేదు, అంతే.

ఒక లెక్క పట్టుకుని చూద్దాం. ఇది ఊహించి వేసిన లెక్కే అయినా, అంకెలు ఇంటి వ్యాపారాల్లో కనిపించేలాంటివే. ఒకామె ఇంట్లో బుడ్డల పొడి చేసి, రెండు వందల గ్రాముల పొట్లాలు కడుతుంది. బుడ్డలు, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, గ్యాసు, పౌచు, లేబులు అన్నీ కలిపి పొట్లానికి 44 రూపాయలు పడుతుంది. వేయించడం, పొట్టు చెరగడం, దంచడం, సీలు వేయడం అన్నిటికీ తన కూలి 16 రూపాయలు. మొత్తం 60. ఈ కూలిని చాలామంది లెక్కలోకే తీసుకోరు. "ఇంట్లో పనే కదా" అంటారు. అది కలపకపోతే కింద వచ్చే లెక్కలన్నీ తప్పుతాయి, కాబట్టి కలిపే మాట్లాడతాను. పొట్లం మీద ఎమ్మార్పీ వంద రూపాయలు. షాపు కమలానగర్ వైపు ఒక చిన్న ప్రొవిజన్ స్టోరు. షాపాయనకి వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకుని ఇళ్లకు పంపే అలవాటు కూడా ఉంది.

ఇద్దరూ ఇరవై ఐదు శాతానికి ఒప్పుకున్నారు. ఆమె తన ధర 80 అనుకుంది. ఎనభైకి ఇరవై ఐదు శాతం అంటే 20, రెండూ కలిపితే సరిగ్గా వంద. షాపాయన లెక్క వంద నుంచి కిందికి వచ్చింది. వందలో ఇరవై ఐదు శాతం తనది, కాబట్టి ఆమెకి 75. ఇద్దరి కూడికా తీసివేతా సరైనవే. ఒకరు కింది ధర మీద వేసుకున్నారు, ఇంకొకరు పై ధర మీద కోసుకున్నారు. పొట్లానికి తేడా ఐదు రూపాయలే. నలభై పొట్లాలకి అది రెండు వందలవుతుంది. నెలాఖరుకి డబ్బు చేతిలో పెట్టినప్పుడు "ఎందుకు తక్కువొచ్చింది?" అనే ప్రశ్న వస్తుంది, ఆ ప్రశ్నలో అనుమానం కూడా కలిసి వస్తుంది.

అందుకే ఒప్పందంలో శాతం ఒక్కటే రాసి ఊరుకోకూడదు. "పొట్లం అమ్ముడైతే తయారీదారుకి 75 రూపాయలు ఇవ్వాలి" అని రూపాయల్లో రాయాలి. ఐదు రకాల సరుకు ఉంటే ఐదు వరుసలు రాయాలి, అంతకంటే కష్టమేం లేదు. శాతం ఎలాగూ కావాలంటే దాని పక్కనే "ఎమ్మార్పీ మీద" అని ఉండాలి. షాపు జీఎస్టీ బిల్లు ఇచ్చేదైతే, ఆ శాతం పన్నుతో కలిపిన ధర మీదా, పన్ను తీసేసిన ధర మీదా అన్నది కూడా రాసుకోవాలి. రూపాయల్లో రాసుకుంటే ఈ తలనొప్పి సగం తగ్గుతుంది.

రూపాయల్లో రాయడానికి ఇంకో కారణం డిస్కౌంటు. పండగకి షాపాయన ఆ పొట్లాన్ని తొంభైకి అమ్మాడనుకోండి. శాతం పద్ధతిలో అయితే తొంభై మీద తన కమిషన్ 22 రూపాయల 50 పైసలు, ఆమెకి వచ్చేది 67 రూపాయల 50 పైసలు. కస్టమరు దగ్గర పేరు తెచ్చుకుంది షాపు, ఏడున్నర రూపాయలు తగ్గింది ఆమెకి. ఆమె చేతికి 75 రావాలని రాసి ఉంటే, తగ్గించి అమ్మే నిర్ణయం ఎవరిదో ఆ తగ్గింపూ వాళ్లదే. ఆమె ముందే ఒప్పుకున్న ఆఫరైతే అప్పుడు పంచుకోవచ్చు. అప్పుకి అమ్మడం కూడా ఇలాంటిదే. షాపాయన తన ఖాతా కస్టమరుకి అప్పుగా ఇచ్చి, "వాళ్లు ఇచ్చినాక ఇస్తా" అంటే కుదరదు. ఆ కస్టమరు ఎవరో ఆమెకి తెలియదు, అప్పు ఇవ్వమని ఆమె చెప్పలేదు. పొట్లం షాపు దాటితే అది అమ్మినట్టే, ఆమెకి 75 బాకీ పడినట్టే. ఈ ఒక్క వాక్యం రాసి పెట్టుకోవాలి.

ఇప్పుడు అసలు చిక్కు, మిగిలిపోయిన సరుకు.

నలభై పొట్లాలు ఇచ్చింది. పొడికి గడువు తయారైన రోజు నుంచి అరవై రోజులని లేబులు మీద వేసింది. మూడు నెలల తర్వాత షాపుకి వెళ్తే ఆయన అర వెనక నుంచి పద్నాలుగు పొట్లాలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇవి పోలేదమ్మా." ఇరవై ఆరింటికి 75 చొప్పున 1,950 రూపాయలు చేతికిచ్చాడు. మాట ప్రకారం ఆయన ఒక్క రూపాయి తక్కువ ఇవ్వలేదు. కానీ నలభై పొట్లాలకీ ఆమెకి పడింది 60 చొప్పున 2,400. అంటే 450 రూపాయలు నష్టం. పద్నాలుగు పొట్లాలూ గడువు దాటిపోయాయి, పారేయడం తప్ప చేసేదేం లేదు.

పొట్లానికి పదిహేను రూపాయలు మిగులుతుంటే నష్టం ఎలా వచ్చింది? అమ్మిన పొట్లం పదిహేను తెస్తుంది, మిగిలిన పొట్లం అరవై తింటుంది. మిగిలిన ఒక్కో పొట్లాన్ని పూడ్చడానికి నాలుగు పొట్లాలు అమ్ముడుపోవాలి. అంటే నలభైలో ముప్పై రెండు పోతేనే ఆమెకి అటూ ఇటూ కాకుండా సరిపోతుంది. ముప్పై మూడోది నుంచే లాభం. షాపాయనకి ఈ లెక్క లేదు. ఆయనకి మొదటి పొట్లం నుంచే పాతిక వస్తుంది, మిగిలినవాటికి ఆయన జేబులోంచి పోయేది ఏమీ లేదు. కాబట్టి నలభై కాదు, ఎనభై పెట్టమన్నా ఆయనకి అభ్యంతరం ఉండదు. నిండుగా ఉన్న అర చూస్తే కొనేవాళ్లకి కూడా బాగుంటుంది. కమిషన్ పద్ధతిలో ఉన్న అసలు వంకర ఇదే. ఎంత సరుకు పెట్టాలో నిర్ణయించేది ఒకరు, ఎక్కువైతే భరించేది ఇంకొకరు.

దీన్ని సరిచేయడానికి మిగిలిన సరుకు నష్టాన్ని చెరిసగం చేసుకోవాలని చాలామంది అంటారు. నాకది అంత నచ్చదు. సగం సగం అన్నప్పుడు పొట్లం పాడయ్యాక ఇద్దరూ నష్టం పంచుకుంటున్నారు. పాడవకముందే దాన్ని బయటికి తీస్తే పంచుకోవాల్సిన నష్టమే తగ్గుతుంది. అందుకని ఒప్పందంలో ఉండాల్సింది తేదీ.

అరవై రోజుల గడువున్న సరుకుకి ఇలా రాసుకోవచ్చు. తయారైన వారం లోపల షాపుకి చేరాలి. ఇది షాపాయన కోసం పెట్టే షరతు. ఇంట్లో ఇరవై రోజులు ఉంచి తెచ్చిచ్చి, అమ్మలేదేమని ఆయన్ని అడిగితే న్యాయం కాదు. ముప్పై అయిదో రోజున ఆయన ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి ఫోటో తీసి పంపాలి. నలభయ్యో రోజు లోపల ఆమె వచ్చి తనకి కావలసినవి వెనక్కి తీసుకుంటుంది. లెక్క పంపకపోయినా, ఆమె అడిగితే ఇవ్వకుండా ఉంచుకున్నా, నలభయ్యో రోజు దాటితే షాపులో ఉన్నవన్నీ అమ్ముడైనట్టే లెక్క, పొట్లానికి 75 ఇవ్వాలి. అదే విధంగా, ఆయన సమయానికి చెప్పినా ఆమె వచ్చి తీసుకోకపోతే ఆ నష్టం ఆమెది.

పై లెక్కనే ఈ తేదీలతో మళ్లీ వేద్దాం. నలభయ్యో రోజుకి ఇరవై నాలుగు పోయాయి, పదహారు ఉన్నాయి. రెండు షాపులో ఉంచి పద్నాలుగు తెచ్చుకుంది. ఇంకా ఇరవై రోజుల గడువుంది. కాలనీలో తెలిసినవాళ్లకి, హాస్టల్లో ఉండే పిల్లల తల్లులకి పొట్లం ఎనభై చొప్పున పది అమ్మింది, నాలుగు ఇంట్లో వాడుకుంది. షాపులో ఉంచిన రెండూ కలుపుకుని ఇరవై ఆరింటికి 1,950, చేతి మీద అమ్మినవాటికి 800, మొత్తం 2,750. ఖర్చు 2,400 తీసేస్తే 350 మిగిలింది. షాపులో అమ్ముడైనవి అప్పుడూ ఇరవై ఆరే, ఇప్పుడూ ఇరవై ఆరే. 450 నష్టం 350 లాభమైంది ఒక్క తేదీ వల్ల.

ఇక్కడ షాపాయన అభ్యంతరం ఒకటి ఉంటుంది, అది సబబైనదే. ఆయన వందకి అమ్మే పొట్లాన్ని ఆమె ఎనభైకి అమ్ముతుందని తెలిస్తే ఆయన కస్టమర్లు నేరుగా ఆమె ఇంటికే వెళ్తారు. అందుకని వెనక్కి తెచ్చుకున్న పాత సరుకు మాత్రమే తగ్గించి అమ్ముతానని, కొత్తది ఇంటి దగ్గరైనా ఎమ్మార్పీకి తక్కువ అమ్మనని ఆమె రాసివ్వాలి. అలా రాసివ్వకపోతే రెండో నెలకే ఆయన ఆమె సరుకుని కింది అరకి దించేస్తాడు. బయటికి ఏమీ అనడు, పొట్లాలు మాత్రం కదలవు.

ఈ తేదీ వెనక చట్టం కూడా ఉంది. 1930 నాటి సరుకుల విక్రయ చట్టంలో 24వ సెక్షన్, నచ్చితే ఉంచుకో లేకపోతే తిరిగివ్వు అనే పద్ధతిలో ఇచ్చిన సరుకు గురించి చెబుతుంది. తిరిగివ్వడానికి గడువు పెట్టుకుని ఉంటే, వద్దని చెప్పకుండా ఆ గడువు దాటేదాకా ఉంచుకున్నవాడు కొన్నట్టే. గడువు పెట్టుకోకపోతే "సబబైన కాలం" దాటితే కొన్నట్టు. బుడ్డల పొడికి సబబైన కాలం ఎంతో తేల్చడానికి ఎవరూ కోర్టుకి వెళ్లరు కాబట్టి, గడువు మనమే పెట్టుకోవడం తెలివి. ఒక మెలిక ఉంది. ఆ సెక్షన్ కొనబోయేవాడికి వర్తించేది. పూర్తిగా కమిషన్ ఏజెంటుగా ఉన్నవాడి దగ్గర సరుకు ఎన్నాళ్లున్నా అది యజమానిదే, దానంతటదే ఆయనదైపోదు. అందుకే "నలభయ్యో రోజు దాటితే అమ్ముడైనట్టు లెక్క" అనే మాట ఒప్పందంలో విడిగా ఉండాలి. చట్టం చూసుకుంటుందిలే అని వదిలేస్తే ఆ మాట ఎక్కడా ఉండదు.

గడువు దాటిన పొట్లాన్ని కస్టమరుకి అమ్మేస్తే అది వేరే కథ. 2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టం ప్రకారం గడువు తీరినాక అమ్మితే బాధ్యత అమ్మినవాడి మీద పడుతుంది. పొట్లం మీద ఉండేది మాత్రం ఆమె పేరు, ఆమె ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు. కస్టమరు ఫోన్ చేసేది ఆమెకే. షాపాయనకి ఇది చెబితే తేదీల షరతుకి ఆయనే తొందరగా ఒప్పుకుంటాడు.

షాపులో ఉన్నప్పుడు పాడైనవాటి సంగతి ఏమిటి? 1872 కాంట్రాక్టు చట్టంలో 151వ సెక్షన్, ఒకరి వస్తువు దగ్గర పెట్టుకున్నవాడు మామూలు తెలివున్న మనిషి తన సొంత వస్తువుని ఎలా చూసుకుంటాడో అలా చూసుకోవాలంటుంది. అంత జాగ్రత్త తీసుకున్నా పోతే, వేరే ఒప్పందం లేనప్పుడు అతని మీద బాధ్యత ఉండదు. ఎలుకలు తిరిగే షాపులో పొట్లాలు నేల మీద బస్తా పక్కన పెడితే అది జాగ్రత్త కాదు. ఊరంతా వరదొచ్చి షాపు మునిగితే ఆయన్ని అడగలేం. ఈ రెండింటి మధ్య ఉన్నవే మనకి ఎదురయ్యేవి. కాబట్టి మన ఎండకి తగ్గట్టు సూటిగా రాసుకోవాలి: ఎండ తగిలే అద్దాల అరలో పెట్టకూడదు, నేల మీద పెట్టకూడదు, పాత తేదీవి ముందు, కొత్తవి వెనక. ఏప్రిల్, మే నెలల్లో అనంతపురం ఎండకి పడమటి ముఖం షాపు అద్దాల వెనక పెట్టిన బుడ్డల పొడి గడువు కన్నా ముందే పాత నూనె వాసన కొడుతుంది. పౌచు లోపలి వైపు నూనె మరకలు కనిపిస్తాయి.

ఇది నేరుగా మూడో గొడవలోకి తీసుకెళ్తుంది. కస్టమరు పొట్లం వెనక్కి తెచ్చాడు, వాసనొస్తోందన్నాడు. తప్పు ఎవరిది? ఆమె బుడ్డలు సరిగా వేయించలేదా, షాపాయన ఎండలో పెట్టాడా, కస్టమరు తెరిచి పొయ్యి పక్కన పెట్టుకున్నాడా? మాటలతో తేలే విషయం కాదిది. తేల్చడానికి ఖర్చు లేని పద్ధతి ఒకటుంది. ప్రతి వాయిలో ఒక పొట్లం ఆమె ఇంట్లో విడిగా దాచుకోవాలి. దాని మీదా షాపుకి వెళ్లినవాటి మీదా ఒకే వాయి నంబరు ఉండాలి. ఫిర్యాదు రాగానే ఇద్దరూ కూర్చుని ఆ పొట్లం విప్పాలి. దాచిన పొట్లం కూడా వాసనొస్తే తప్పు తయారీది, ఆ వాయిలో షాపులో ఉన్నవన్నీ వెనక్కి రావాలి. దాచింది బాగుండి షాపులో ఇంకో రెండు పొట్లాలు కూడా వాసనొస్తే తప్పు షాపులో పెట్టిన చోటుది. దాచిందీ షాపువీ రెండూ బాగుంటే ఆ ఒక్క పొట్లంలో ఏదో తేడా. అప్పుడు దాని సీలు చూడాలి. సీలు గీత మీద వేలుపెట్టి నొక్కితే గాలి పోతుంటే ప్యాకింగు తప్పు. సీలు గట్టిగా ఉండి, కత్తెరతో కోసిన అంచు మాత్రమే తెరిచి ఉంటే అది కస్టమరు ఇంట్లో జరిగింది.

నిప్పట్లకి ఈ పరీక్ష అంత బాగా పనిచేయదు. అవి మెత్తబడడానికి చాలా వరకు తేమే కారణం, సన్నటి కంతతోనే మెత్తబడతాయి. విరిగిపోవడం ఇంకో తలనొప్పి. విరిగినవాటి లెక్క అప్పగించేటప్పుడే తేలిపోవాలి. షాపు బల్ల మీద విప్పి చూసి, విరిగిన పొట్లాలు అక్కడే తిప్పి పంపాలి. సంతకం పెట్టాక విరిగితే షాపుది. ఆటోలోనో బస్సులోనో సరుకు వచ్చేటప్పుడు విరిగితే పంపినామెది.

డబ్బు ఎలా సర్దుకోవాలన్నది ఇంకా సులువు. కస్టమరుని తిప్పకూడదు. కొన్న ఏడు రోజుల లోపల పొట్లం తెస్తే షాపాయన వెంటనే వంద వాపసు ఇచ్చేయాలి, ఎవరి తప్పో తర్వాత చూసుకోవచ్చు. తయారీ తప్పని తేలితే ఆ అమ్మకం జరగనట్టే. ఆమెకి 75 రాదు, షాపుకి 25 రాదు. కొంతమంది షాపువాళ్లు "అమ్మేశాను కదా, నా పాతిక నాకు రావాలి" అంటారు. ఆ పాతిక అమ్మకం మీద వచ్చేది, అమ్మకమే రద్దయ్యాక అది నిలవదు. అయితే ఒకే వాయిలో అయిదారు పొట్లాలు తిరిగొచ్చి షాపుకి చెడ్డపేరొస్తే, తర్వాతి వాయిలో రెండు మూడు పొట్లాలు ఉచితంగా ఇవ్వడం మర్యాద. దీన్ని ఒప్పందంలో రాయక్కర్లేదు. షాపులో పెట్టడంలో తప్పని తేలితే ఆమెకి 75 వచ్చి తీరాలి. కస్టమరు ఇంట్లో పాడైందని తేలితే వాపసు ఇచ్చింది షాపు తన కస్టమరు కోసం కాబట్టి ఆ వంద షాపుదే, ఆమె 75 ఆమెకి వస్తుంది. "కారం ఎక్కువైంది, మా పిల్లలు తినలేదు" అని తెస్తే అది తప్పు కిందికి రాదు. షాపాయన ఇష్టముంటే వాపసు ఇచ్చుకోవచ్చు, కానీ తన లెక్కలోంచే. ఏ కారణంతో వచ్చినా సరే, తెరిచిన పొట్లం మళ్లీ అరలోకి వెళ్లకూడదు. లేబులు చించి, ఫోటో తీసి పారేయాలి. తిరిగొచ్చిన పొట్లం ఫోటో, దాని వాయి నంబరు లేకుండా "నాలుగు వెనక్కొచ్చాయి" అని చెబితే ఆ నాలుగూ అమ్ముడైనట్టే లెక్క.

ఇన్ని షరతులు ఎక్కడ రాయాలి? వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసుకుంటే ఒక గౌరవం ఉంటుంది, రేపు అవసరమైతే చూపించడానికీ బాగుంటుంది. నోటిమాట ఒప్పందం కూడా చట్టం దృష్టిలో చెల్లుతుంది, దాన్ని నిరూపించడమే కష్టం. ఒప్పందం ఒక పేజీ దాటకపోతే మంచిది. ఇలా ఉంటే సరిపోతుంది:

"ఈ సరుకు అమ్ముడయ్యేదాకా తయారీదారు సొత్తు, షాపు కమిషన్ మీద అమ్మిపెడుతుంది. బుడ్డల పొడి 200 గ్రాముల పొట్లం ఎమ్మార్పీ 100 రూపాయలు, అమ్ముడైన ప్రతి పొట్లానికి షాపు తయారీదారుకి 75 రూపాయలు ఇవ్వాలి. తగ్గించి అమ్మినా, అప్పుకిచ్చినా ఈ మొత్తం మారదు. తయారైన 7 రోజుల లోపల సరుకు షాపుకి చేరాలి. తయారైన 35వ రోజున షాపు మిగిలిన లెక్క ఫోటోతో పంపాలి, 40వ రోజు లోపల తయారీదారు వెనక్కి తీసుకోవచ్చు. లెక్క పంపకపోయినా, తిరిగి ఇవ్వకపోయినా 40వ రోజు తర్వాత షాపులో ఉన్నవి అమ్ముడైనట్టు లెక్క. షాపు సమయానికి చెప్పినా తయారీదారు తీసుకోకపోతే ఆ నష్టం తయారీదారుది. ఎండ తగిలే చోట, నేల మీద సరుకు పెట్టకూడదు. అప్పగించినప్పుడు విరిగినవి, చిరిగినవి అక్కడే తిరిగివ్వాలి. కస్టమరు వాపసు చేసిన పొట్లాలు వాయి నంబరు కనిపించే ఫోటోతో ఉంటేనే లెక్కలోకి వస్తాయి. తప్పు తయారీదా కాదా అన్నది తయారీదారు దాచిన పొట్లంతో పోల్చి తేల్చుకోవాలి. తయారీ తప్పైతే ఆ అమ్మకం రద్దు, లేకపోతే 75 రూపాయలు చెల్లించాలి. ప్రతి నెలా 5వ తేదీన లెక్క, డబ్బు. కొత్త సరుకుని తయారీదారు ఎమ్మార్పీకి తక్కువ అమ్మకూడదు. ఎవరు మానుకోవాలన్నా 15 రోజుల ముందు చెప్పాలి."

ఈ కాగితం ఒకసారి రాసేది. రోజూ పనికొచ్చేది మాత్రం అప్పగింత చీటీ. కార్బన్ పెట్టి రాసే డూప్లికేట్ పుస్తకం ఒకటి కొనుక్కుంటే చాలు. సరుకు ఇచ్చిన ప్రతిసారీ తేదీ, వాయి నంబరు, తయారైన తేదీ, ఇచ్చిన పొట్లాలు, వెనక్కి తీసుకున్నవి రాసి, షాపాయన సంతకం పెట్టించుకుని ఒక కాపీ ఆయనకివ్వాలి. షాపులో ఆయన లేకపోతే కుర్రాడి సంతకం సరిపోదా అంటే, సరిపోతుంది. దాన్ని ఫోటో తీసి ఆయన వాట్సాప్‌కి పంపి ఒక "ఓకే" తెప్పించుకుంటే ఇంకా మంచిది. నెల లెక్కలో ఇచ్చినవి, అమ్మినవి, వెనక్కొచ్చినవి, అరలో ఉన్నవి అని నాలుగు అంకెలు ఉండాలి. మొదటి అంకె మిగతా మూడింటి మొత్తానికి సమానం కావాలి. కాకపోతే కనపడని పొట్లాలు అమ్ముడైనట్టే. అడిగినప్పుడు లెక్క చెప్పడం, తన కమిషన్ పోగా వచ్చిన డబ్బు అందజేయడం కమిషన్ ఏజెంటు బాధ్యతని కాంట్రాక్టు చట్టం 213, 218 సెక్షన్లలోనే ఉంది. లెక్క అడగడానికి మొహమాటపడాల్సిన పని లేదు.

షాపు పెద్దదైతే, "కమిషన్ గిమిషన్ వద్దు, అరవై ఎనిమిదికి కొనేస్తా, మిగిలితే నా ఖర్మ" అనేవాళ్లు కూడా ఉంటారు. పొట్లానికి ఏడు రూపాయలు తగ్గింది కదా అని వెంటనే కాదనకూడదు. నలభై పొట్లాలకి 2,720 వస్తుంది, 320 మిగులుతుంది, వెనక్కి తెచ్చి అమ్ముకునే తిరుగుడు లేదు. కమిషన్‌లో అంతకన్నా ఎక్కువ రావాలంటే నలభైలో ముప్పై ఏడు అమ్ముడుపోవాలి. ఇలా కొనేసేవాళ్ల దగ్గర మాత్రం డబ్బు ఎప్పుడొస్తుందన్నదే ప్రశ్న. ఆమె చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకుని ఉంటే, 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం కొన్నవాళ్లు రాసుకున్న గడువు ఎంతైనా 45 రోజులు మించకుండా చెల్లించాలి, దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడు రెట్ల వడ్డీ పడుతుంది. రిజిస్ట్రేషన్‌కి ఫీజు లేదు.

ఎంత సరుకు పెట్టాలన్నది మొదటి రెండు నెలలు ఆమే నిర్ణయించాలి. షాపాయన నలభై అడిగితే ఇరవై ఇచ్చి, పదిహేను రోజులకి ఎన్ని పోయాయో చూసి మిగతావి ఇవ్వాలి. అర ఖాళీగా కనిపిస్తుందని ఆయన గొణుగుతాడు. ఇరవైలో పదహారు పోవడమూ నలభైలో ముప్పై రెండు పోవడమూ లెక్కకి ఒకటే, కానీ తప్పు లెక్క వేసుకుని ఉంటే మొదటిదానిలో పోయేది సగం. పాత వాయి లెక్క తేలకుండా కొత్త వాయి ఇవ్వకూడదు. ఇది రాసుకోవడం కన్నా పాటించడం కష్టం, ఎందుకంటే పండగ ముందు షాపాయన ఫోన్ చేసి "అమ్మా, ఇంకో నలభై తెచ్చిపెట్టు, లెక్క తర్వాత చూద్దాం" అంటాడు. అప్పుడు "అన్నా, ముందు పాతవి ఎన్నున్నాయో ఒక ఫోటో పెట్టు, సాయంత్రం తెస్తా" అనగలిగితే చాలు. ఫోటో రావడానికి ఐదు నిమిషాలు పడుతుంది.

మానుకునేటప్పుడు కూడా ఇదే వరస. పదిహేను రోజుల ముందు చెప్పి, ఆఖరి రోజు ఇద్దరూ అర ముందు నిలబడి లెక్కపెట్టి, చీటీ పుస్తకంలో చివరి పేజీ మీద "బాకీ లేదు" అని రాసి ఇద్దరూ సంతకాలు పెట్టాలి. బాకీ ఉంటే ఎంత, ఎప్పుడిస్తారన్నది తేదీతో రాయాలి. డబ్బు బాకీ వసూలుకి దావా వేయడానికి మామూలుగా మూడేళ్ల కాలపరిమితి ఉంటుంది. అప్పుడు ఆ సంతకం ఉన్న పేజీ పనికొస్తుంది. రెండు మూడు వేల రూపాయల కోసం దావా దాకా వెళ్లడం ఎవరికీ గిట్టదు కానీ, జిల్లా న్యాయసేవాధికార సంస్థలో కేసు కాకముందే లోక్ అదాలత్‌కి అర్జీ పెట్టుకోవచ్చు, దానికి కోర్టు ఫీజు లేదు. అక్కడ కూర్చున్నవాళ్లు మొదట అడిగేది రాసుకున్న కాగితం, సంతకాలున్న చీటీలు.